‘మావాళ్లే దిగుతున్నారు, ఇల్లు ఖాళీ చేయాలి’: కారణం కంటే తేదీ ఎందుకు ముఖ్యం

విశాఖపట్నంలో అద్దె ఇంట్లో ఉంటున్నవారికి ఇంటి యజమాని నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువగా కలవరపెట్టేది ఒకటి ఉంది. కొడుక్కి వైజాగ్ బదిలీ అయిందనో, కూతురూ అల్లుడూ విదేశం నుంచి తిరిగి వస్తున్నారనో, ముసలితనంలో తామే నగరంలోని ఫ్లాట్‌కు మారదలిచామనో చెప్పి, ఇల్లు ఖాళీ చేయమని అడిగే ఫోన్ అది. ఆ క్షణం నుంచి ఇరుపక్షాల ఆలోచనా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: యజమాని చెప్పిన కారణం నిజమా, కాదా? అద్దెదారు అది అద్దె పెంచడానికి వేసిన ఎత్తని అనుమానిస్తాడు. యజమాని తన అవసరం నిజమేనని నమ్మించడానికి కొడుకు బదిలీ ఉత్తర్వు దాకా చూపిస్తాడు. వారాలు గడిచిపోతాయి కానీ, ఖాళీ చేయాల్సిన తేదీ ఏది, ఆ తేదీ ఎక్కడి నుంచి లెక్కకు వస్తుంది, అడ్వాన్సు ఎప్పుడు ఎంత తిరిగి రావాలి అన్న అసలు విషయాలు ఎవరూ కాగితం మీద పెట్టరు. నేడు నగరంలో నడుస్తున్న అద్దె ఒప్పందాల్లో అత్యధికం పదకొండు నెలలవే కాబట్టి, వాటిలో కారణానికి ఉన్న బలం చాలామంది అనుకునేదానికంటే తక్కువ, తేదీకి ఉన్న బలం చాలా ఎక్కువ అన్నది ఈ వ్యాసం వాదన.

సొంత అవసరం అనే మాటకు చట్టంలో అంత బరువు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం ప్రకారం యజమాని తన ఇష్టానుసారం అద్దెదారును పంపించడానికి వీలుండేది కాదు. పదవ సెక్షన్‌లో చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి రుజువు చేయాల్సి ఉండేది, ఆ కారణాల్లో సొంత నివాసానికి అవసరం ఒకటి. ఆ అవసరం కేవలం కోరికగా కాక నిజమైనదిగా ఉండాలని, అయితే తన కుటుంబానికి ఏ ఇల్లు సరిపోతుందో నిర్ణయించుకోవడంలో యజమాని మాటకే విలువ ఇవ్వాలని సుప్రీంకోర్టు 1990ల తీర్పుల్లో స్పష్టం చేసింది. అంతేకాదు, సొంతానికని చెప్పి ఖాళీ చేయించుకున్న యజమాని నెలలోగా అందులో దిగకపోయినా, దిగి ఆరు నెలలలోపే సరైన కారణం లేకుండా వదిలేసినా, పాత అద్దెదారు తిరిగి ఇల్లు కోరే వీలు ఆ చట్టంలో ఉండేది. ‘సొంతానికి కావాలి’ అన్న మాటను ఇప్పటికీ మన పెద్దలు ఒక చట్టపరమైన మంత్రంలా వాడడానికి మూలం ఇదే.

అయితే ఆ రక్షణ గొడుగు కిందికి వచ్చే ఇళ్లు క్రమంగా తగ్గిపోయాయి. 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లు ఆ చట్టం వెలుపలికి వెళ్లాయి. ఎంవీపీ కాలనీలోనో, సీతమ్మధారలోనో, మధురవాడలోనో నేటి రెండు పడకగదుల ఫ్లాట్ అద్దె ఆ అంకెకు ఎన్నో రెట్లు ఉంటుంది. 2017లో రాష్ట్రం కొత్త అద్దె చట్టం తెచ్చినప్పుడు కూడా దానికి పునాదిగా పెట్టుకున్నది రాతపూర్వక ఒప్పందాన్నే. ఒక ప్రత్యేకమైన వివాదం ఏ చట్టం కింద, ఏ వేదిక ముందుకు వెళ్లాలన్నది ఒప్పందం తేదీనీ స్వభావాన్నీ చూసి న్యాయవాది తేల్చాల్సిన విషయం. అక్కడిదాకా వెళ్లని మామూలు సందర్భాల్లో మాత్రం ఇరుపక్షాలనూ నడిపించేవి రెండే: తాము సంతకం చేసుకున్న అగ్రిమెంటు, దాని వెనుక ఉన్న 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం.

ఈ రెండింటినీ కలిపి చదివితే పరిస్థితి రెండు రకాలుగా విడిపోతుంది. మొదటిది, అగ్రిమెంటు గడువు ఇంకా నడుస్తున్న దశ. ఇందులో యజమాని కుటుంబ అవసరం ఎంత నిజమైనదైనా, మధ్యలో ఖాళీ చేయించే హక్కు అగ్రిమెంటులో రాసి ఉంటే తప్ప, ఆ అవసరం ఒక్కటే గడువును తెంచలేదు. చాలా అగ్రిమెంట్లలో ‘ఇరుపక్షాలలో ఎవరైనా రెండు నెలల ముందుగా నోటీసు ఇచ్చి ముగించవచ్చు’ అన్న వాక్యం ఉంటుంది. ఉంటే దాని ప్రకారమే నడవాలి. లేకపోతే గడువు పూర్తయ్యేదాకా ఆగాలి, లేదా అద్దెదారును ఒప్పించుకోవాలి. అలా ఒప్పించే సందర్భంలో అద్దెదారు కొంత పరిహారం అడగడం అత్యాశ కాదు, ఎందుకంటే అతడు తన హక్కులో కొంత భాగాన్ని వదులుకుంటున్నాడు.

రెండవది, గడువు ముగిసినా కొత్త అగ్రిమెంటు రాసుకోకుండా అద్దె కడుతూ, పుచ్చుకుంటూ కొనసాగుతున్న దశ. నగరంలో ఎక్కువ కుటుంబాలు ఉన్నది ఇక్కడే. ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కొనసాగింపు నెలవారీ అద్దెగా మారుతుంది. 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, నెలవారీ అద్దెను పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. ఆ పదిహేను రోజులు నోటీసు అందిన రోజు నుంచి లెక్కకు వస్తాయి. ఇక్కడ గమనించవలసిన విషయం, ఆ సెక్షన్ యజమానిని ఏ కారణమూ చెప్పమని అడగదు. కొడుకు వస్తున్నాడన్న మాట నిజమైనా, అబద్ధమైనా, అసలు చెప్పకపోయినా నోటీసు చెల్లుబాటు మారదు. అందువల్ల ఈ దశలో ఉన్న అద్దెదారు యజమాని కారణాన్ని తప్పని నిరూపించడానికి చేసే శ్రమంతా, ఆ నిరూపణ విజయవంతమైనా సరే, అతడికి ఒక్క రోజు కూడా అదనంగా సంపాదించి పెట్టదు. అదే శ్రమను గడువు మీద, డబ్బు మీద జరిగే చర్చలో పెడితే నిజంగా ఫలితం ఉంటుంది.

యజమాని వైపు కూడా ఇలాంటి అపోహే ఉంది. ఫోన్‌లో చెప్పాను కదా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కనిపించినప్పుడు గుర్తుచేశాను కదా, కాబట్టి నోటీసు ఇచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. 106వ సెక్షన్ కోరేది రాతపూర్వకంగా ఉండి, ఇచ్చేవారో వారి తరఫు వ్యక్తో సంతకం చేసిన నోటీసును. దాన్ని పోస్టులో పంపవచ్చు, అద్దెదారుకు గాని ఇంట్లోని కుటుంబ సభ్యులకు గాని స్వయంగా ఇవ్వవచ్చు, అదీ కుదరనప్పుడు ఇంటికి కనబడేచోట అంటించవచ్చు. వాట్సాప్ సందేశం తర్వాత సాక్ష్యంగా పనికొస్తుంది గనుక పంపడంలో తప్పులేదు, కానీ సంతకం ఉన్న ఒక పేజీ ఉత్తరం చేతికిచ్చి, రెండో ప్రతిపై ‘అందింది’ అని తేదీతో సంతకం తీసుకోవడం కంటే మేలైన పద్ధతి లేదు. సంతకం చేయడానికి వెనకాడితే అదే ఉత్తరాన్ని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఉత్తరం అందుకున్నట్టు సంతకం చేయడమంటే ఖాళీ చేయడానికి ఒప్పుకున్నట్టు కాదని అద్దెదారు కూడా తెలుసుకోవాలి. అది తేదీకి మాత్రమే సాక్ష్యం, ఆ తేదీ అతడికి కూడా రక్షణే.

ఫ్లాట్ ఎవరి పేరున ఉందన్నది మరో చిక్కు. విశాఖలో చాలా ఫ్లాట్ల యజమానులు హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలలో ఉంటారు. ఇక్కడి వ్యవహారాలు తండ్రో, బావమరిదో చూస్తుంటారు. అద్దె వసూలు చేసే వ్యక్తి ఖాళీ చేయమన్నప్పుడు, అది యజమాని మాటేనా, లేక అన్నదమ్ముల మధ్య వాటాల గొడవలో ఒక పక్షం మాటా అన్నది తెలియకుండా సామాను సర్దుకోవడం ప్రమాదం. అగ్రిమెంటుపై ఎవరు సంతకం చేశారో వారి నుంచి, లేదా వారు అధికారం ఇచ్చిన వారి నుంచి రాతపూర్వకంగా రావాలని మర్యాదగా అడగడం అద్దెదారు హక్కు. అడ్వాన్సు తిరిగి ఇవ్వాల్సింది కూడా ఆ వ్యక్తే కాబట్టి ఈ ప్రశ్న ముందే తేలిపోవడం మంచిది.

ఇదంతా ఆచరణలో ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఎంవీపీ కాలనీలో సముద్రం వైపు తెరుచుకునే రెండు పడకగదుల ఫ్లాట్, నెల అద్దె 18,000 రూపాయలు, అడ్వాన్సు మూడు నెలల అద్దె కింద 54,000. 2024 జూన్ 1న పదకొండు నెలలకు అగ్రిమెంటు రాసుకున్నారు. అది 2025 ఏప్రిల్ 30తో ముగిసింది, ఆ తర్వాత కొత్తది రాసుకోలేదు. పాత అగ్రిమెంటులో రెండు నెలల నోటీసు నిబంధన ఉంది, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె మినహాయిస్తామన్న వాక్యమూ ఉంది. అద్దెకుంటున్న దంపతుల కుమార్తె పదో తరగతి. 2026 జనవరి 10న, సంక్రాంతికి ముందు, గాజువాకలో ఉంటున్న యజమాని అద్దెదారుకు ఫోన్ చేశారు.

‘మా అబ్బాయికి ఏప్రిల్ నుంచి ఇక్కడికే ట్రాన్స్‌ఫర్ అయిందండీ. కోడలు, పిల్లలు కూడా వచ్చేస్తారు. ఫిబ్రవరి ఆఖరుకి ఇల్లు ఇచ్చేస్తే మేం రంగులు వేయించుకుంటాం.’

‘సంతోషమండీ. కాకపోతే మా పాపకి మార్చిలో పబ్లిక్ పరీక్షలు. మీరు తేదీ వేసి ఒక ఉత్తరం ఇవ్వండి, నేనూ రాతలోనే జవాబిస్తాను. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం.’

ఆ జవాబులో ఉన్న వివేకాన్ని గమనించాలి. అద్దెదారు ట్రాన్స్‌ఫర్ నిజమా అని అడగలేదు, వీల్లేదని చెప్పలేదు, సరేనని మాటా ఇవ్వలేదు. యజమాని జనవరి 24న ఉత్తరం ఇచ్చారు. రెండు నెలల నిబంధన ప్రకారం గడువు మార్చి 24తో ముగుస్తుంది. అగ్రిమెంటు గడువు తీరాక కూడా ఆ రెండు నెలల నిబంధన వర్తిస్తుందా, లేక 106వ సెక్షన్‌లోని పదిహేను రోజులేనా అని న్యాయవాదులు వాదించుకోవచ్చు. పాత షరతులతోనే అద్దె కొనసాగినప్పుడు ఆ నిబంధన కూడా కొనసాగిందని అద్దెదారు చెప్పుకునే వాదనకు బలం ఉంది, తెలివైన యజమాని ఆ వాదనను ఎదుర్కోవడం కంటే రెండు నెలలూ ఇచ్చేస్తాడు. అసలు సమస్య వేరు: మార్చి 24 అంటే సరిగ్గా పదో తరగతి పరీక్షల నడుమ.

ఇక్కడ యజమాని కుటుంబపు క్యాలెండర్‌ను జాగ్రత్తగా చూస్తే పరిష్కారం అందులోనే కనిపిస్తుంది. కొడుకు ఉద్యోగంలో చేరేది ఏప్రిల్ 1న. పిల్లల బడులు పాత ఊళ్లో ఏప్రిల్ ఆఖరుదాకా నడుస్తాయి, ఇక్కడ కొత్త బడి జూన్‌లో మొదలవుతుంది. అంటే కోడలు, పిల్లలు మే నెలకు ముందు రారు, కొడుకు ఒక్కడే నెల రోజులు గాజువాకలో తల్లిదండ్రుల దగ్గర ఉండగలడు. వారికి నిజంగా ఉన్న అడ్డు ఒక్కటే. 2026లో మే మధ్య నుంచి అధిక జ్యేష్ఠ మాసం వస్తుంది కాబట్టి అంతకుముందే పాలు పొంగించుకోవాలి. రంగులకూ మరమ్మతులకూ మూడు వారాలు పట్టినా, ఏప్రిల్ 15న ఇల్లు చేతికొస్తే వారి పని ఏదీ ఆగదు. ఫిబ్రవరి ఆఖరు అన్నది వారి అవసరం కాదు, జాగ్రత్త కోసం చెప్పిన తేదీ. సొంత కుటుంబం దిగే సందర్భాల్లో ఇలాంటి వెసులుబాటు దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే కుటుంబాలు బడులను, బదిలీలను, ముహూర్తాలను బట్టి కదులుతాయి. ‘ఎందుకు’ అని నిలదీసే అద్దెదారుకు అది కనిపించదు. ‘ఎవరు ఏ నెలలో వస్తున్నారు’ అని అడిగిన అద్దెదారుకు కనిపిస్తుంది.

ఏప్రిల్ 15 తేదీకి ఇద్దరూ ఒప్పుకున్నాక మిగిలింది డబ్బు. ఇక్కడే ఎక్కువ సంబంధాలు చెడిపోతాయి. ఖాళీ చేయమన్న మాట వినగానే ‘ఇక అద్దె కట్టను, అడ్వాన్సులో పట్టుకోండి’ అనడం చాలామందికి అలవాటు. అడ్వాన్సు తిరిగి రాదేమోనన్న భయం నుంచి వచ్చే అలవాటు అది, ఆ భయానికి ఆధారం లేదని ఎవరూ అనలేరు. అయినా రాతపూర్వక అంగీకారం లేకుండా అద్దె ఆపడం అద్దెదారుకే నష్టం. అప్పటిదాకా యజమాని వద్ద ఉన్నది ఒక నోటీసు మాత్రమే. అద్దె ఆగితే బకాయి అనే మరింత బలమైన కారణాన్ని అద్దెదారే అతడి చేతిలో పెట్టినట్టవుతుంది. పైగా యజమానికి కూడా చివరి రోజున ఇంటి పరిస్థితి చూసి మినహాయించుకోవడానికి ఏమీ మిగలదు కాబట్టి అనుమానం పెరుగుతుంది.

అద్దెదారుకు ఉన్న అసలు ఇబ్బంది మరొకటి. కొత్త ఇల్లు 21,000 అద్దెకు దొరికిందనుకుంటే, దానికి మూడు నెలల అడ్వాన్సు 63,000, బ్రోకర్‌కు కమీషన్, సామాను తరలింపు ఖర్చు ముందే పెట్టాలి. పాత ఇంటి 54,000 మాత్రం తాళాలు ఇచ్చిన తర్వాత గాని రావు. మధ్యతరగతి కుటుంబం రెండు అడ్వాన్సులను ఒకే నెలలో మోయలేక తేదీ తప్పుతుంది, అది చూసి యజమాని మొండితనమనుకుంటాడు. ఈ ముడి విప్పే మార్గం అడ్వాన్సును రెండు విడతలుగా తిరిగి ఇవ్వడం. మన ఉదాహరణలో, అద్దెదారు కొత్త ఇంటికి బయానా ఇచ్చిన రసీదు చూపిన రోజున 20,000, తాళాలు ఇచ్చిన రోజున మిగతాది ఇచ్చేలా రాసుకున్నారు. అప్పటికింకా యజమాని వద్ద 34,000 మిగిలే ఉంటాయి కాబట్టి అతడి భద్రతకు లోటు లేదు. ఖాళీ చేయడం వేగంగా జరగాలని నిజంగా కోరుకునే యజమాని వాడగలిగిన సాధనాల్లో ఇంతకంటే మంచిది కనబడదు.

తుది లెక్క ఇలా వచ్చింది. ఏప్రిల్ మొదటి పదిహేను రోజుల అద్దె 9,000. పెయింటింగ్ కింద అగ్రిమెంటు ప్రకారం 18,000 మినహాయించాలి, కానీ ఉన్నది రెండేళ్లు కూడా నిండలేదు, యజమాని తన కుటుంబం కోసం ఎలాగూ కొత్త రంగులు వేయించుకుంటున్నాడు, ఖాళీ చేయమన్నదీ అతడే. రాసిన షరతు ఉన్నందున దాన్ని పూర్తిగా కొట్టేయమనడం సరికాదు, పూర్తిగా పట్టుకోవడమూ న్యాయంగా అనిపించదు. ఇద్దరూ సగానికి, 9,000కు ఒప్పుకున్నారు. చివరి కరెంటు బిల్లు మీటర్ రీడింగ్ ప్రకారం అంచనా వేసి 1,400, సగం నెల మెయింటెనెన్సు 1,250. ఈ మినహాయింపులు మొత్తం 20,650, కాబట్టి తిరిగి ఇవ్వాల్సింది 33,350.

దానికి కలపాల్సిన చిన్న మొత్తం ఒకటి ఉంది, చాలామంది మరిచిపోయేది. ఈపీడీసీఎల్ బిల్లుల్లో అప్పుడప్పుడు అదనపు వినియోగ డిపాజిట్ అనే పద్దు వస్తుంది. వాడకం పెరిగిన సర్వీసులకు సంస్థ వసూలు చేసే డిపాజిట్ అది. బిల్లులో భాగమే కదా అని అద్దెదారు కట్టేస్తాడు, కానీ ఆ డిపాజిట్ సర్వీసు నంబరు ఖాతాలో నిలిచి ఉండేది, ఇల్లు వదిలిన తర్వాత యజమానికే మిగిలేది. మన అద్దెదారు పాత బిల్లు చూపి అందులోని 850 రూపాయలు అడిగాడు, యజమాని ఒప్పుకున్నాడు. మొత్తం 34,200. ముందే ఇచ్చిన 20,000 పోగా, ఏప్రిల్ 15న చేతికి రావాల్సింది 14,200.

ఇంటి పరిస్థితి గురించి విశాఖకే ప్రత్యేకమైన ఒక తగాదా ఉంది. సముద్రానికి దగ్గరగా ఉన్న కాలనీల్లో ఉప్పుగాలికి కిటికీ గ్రిల్స్, తలుపు బందులు, బాల్కనీ రెయిలింగ్, బాత్రూమ్ కుళాయిలు తొందరగా తుప్పు పడతాయి. యజమాని ఏడాదిన్నర తర్వాత వచ్చి చూసి, నిర్లక్ష్యంగా వాడారని వాటి ఖర్చు అడ్వాన్సులో కోయబోతాడు. ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించాలన్న బాధ్యత నుంచి మామూలు వాడకంతో వచ్చే అరుగుదలను ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ మినహాయిస్తుంది. గాలి వల్ల పట్టిన తుప్పు అటువంటిదే. పగిలిన వాష్ బేసిన్, గోడలో తూట్లు పడ్డ చోట్లు, విరిగిన తలుపు గడియ అటువంటివి కావు. తేడాను ఎలా పట్టుకోవాలంటే, తుప్పు గ్రిల్ అంతటా, ముఖ్యంగా సముద్రం వైపు, ఒకేలా పరుచుకుని ఉంటుంది. పై అంతస్తు, కింది అంతస్తు ఫ్లాట్ల గ్రిల్స్ చూసినా అదే కనిపిస్తుంది. నిర్లక్ష్యం వల్ల కలిగే నష్టం ఒక్క చోటే ఉంటుంది. దిగినప్పటి ఫొటోలు ఉంటే వాదనే అవసరం ఉండదు.

ఇప్పుడు వెనక్కి వెళ్లి కారణం ప్రశ్ననూ చూడాలి. దానికి చట్టపరంగా బలం తక్కువైనంత మాత్రాన అది పట్టించుకోవాల్సిన పని లేదని కాదు. కుటుంబం దిగుతుందని చెప్పిన తర్వాత బ్రోకర్లు కొత్తవారిని వెంటబెట్టుకుని ఇల్లు చూపించడానికి వస్తుంటే, ఆస్తుల యాప్‌లో అదే ఫ్లాట్ ఫొటోలు ఎక్కువ అద్దెతో కనిపిస్తే, లేదా ‘ఇరవై నాలుగు వేలిస్తే ఆలోచిస్తాం’ అన్న మాట దొర్లితే, అసలు విషయం అద్దె పెంపు. కొలతలు తీసుకునేవారు, బ్యాంకు మదింపుదారు వస్తుంటే అసలు విషయం అమ్మకం. ఈ రెండు సందర్భాల్లో అద్దెదారు వ్యూహం మారాలి. అద్దె పెంపే అయితే, కొత్త ఇంటి అడ్వాన్సు, కమీషన్, తరలింపు అన్నీ లెక్కవేసి, న్యాయమైన పెంపుతో కొత్త అగ్రిమెంటు రాసుకోవడం ఇద్దరికీ లాభం కావచ్చు. అమ్మకమే అయితే, ఇల్లు చేతులు మారినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదని, కొన్నవారు పాత యజమాని స్థానంలోకి వస్తారని, కాబట్టి గడువు మిగిలి ఉన్న అద్దెదారుకు అది అలాగే ఉంటుందని తెలుసుకోవాలి. అప్పుడు అడ్వాన్సు బాధ్యత ఎవరిదన్నది కొత్త యజమానితో రాతలో తేల్చుకోవాలి.

గడువు దాటినా అద్దెదారు కదలకపోతే యజమాని చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. మెయిన్ స్విచ్ ఆపించడం, మంచినీటి వాల్వు కట్టేయించడం, ఊళ్లో లేనప్పుడు తాళం మార్చడం వంటివి నగరంలో జరగనివేమీ కాదు. అంగీకారం లేకుండా, చట్టబద్ధ ప్రక్రియ లేకుండా ఇంటి నుంచి గెంటివేయబడిన వ్యక్తి, 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం ఆరవ సెక్షన్ కింద ఆరు నెలలలోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు, ఆ దావాలో ఇల్లు ఎవరిదన్నది ప్రశ్నే కాదు. అంటే పూర్తిగా న్యాయం తన వైపే ఉన్న యజమాని కూడా ఒక్క తాళంతో తప్పు చేసినవాడిగా మారిపోతాడు. మరో పొరపాటు మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది. నోటీసు గడువు దాటిన తర్వాతి నెలల అద్దెను ఏమీ రాయకుండా మామూలుగా పుచ్చుకుంటే, నోటీసును వదులుకున్నారని వాదించే అవకాశం ఆస్తి బదిలీ చట్టం 113వ సెక్షన్ అద్దెదారుకు ఇస్తుంది. ఆ డబ్బు ఇంటిని వాడుకున్నందుకు పరిహారంగా మాత్రమే తీసుకుంటున్నామని, నోటీసు అమల్లోనే ఉందని ఒక వాక్యం రాసి పంపితే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

అద్దెదారు కూడా, కోర్టు కేసులు ఏళ్ల తరబడి సాగుతాయన్న ధీమాతో కూర్చోవడం తగదు. నిజంగా వచ్చి దిగాల్సిన కుటుంబం ఒకటి బయట ఉందన్నది మరిచిపోకూడదు. గడువు దాటి ఉన్న కాలానికి మార్కెట్ అద్దె ప్రకారం పరిహారం కట్టమని కోర్టు ఆదేశించే వీలుంది కాబట్టి, ఆలస్యం ఉచితంగా కూడా రాదు.

ఒప్పుకున్నదంతా ఒక్క కాగితం మీదికి రావాలి, దానికి ఎనిమిది పది వాక్యాలు చాలు. మన ఉదాహరణలో రాసుకున్నది దాదాపు ఇలా ఉంటుంది: ‘ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాట్‌ను మా కుమారుని కుటుంబ నివాసం కోసం 2026 ఏప్రిల్ 15న ఖాళీ చేసి అప్పగించుటకు ఇరువురం అంగీకరించాము. మార్చి వరకు అద్దె యథావిధిగా చెల్లించబడును. ఏప్రిల్ అద్దెలో సగం, పెయింటింగ్ నిమిత్తం 9,000 రూపాయలు, చివరి కరెంటు బిల్లు, మెయింటెనెన్సు మాత్రమే అడ్వాన్సు నుండి మినహాయించబడును. అడ్వాన్సులో 20,000 రూపాయలు కొత్త ఇంటి బయానా రసీదు చూపిన రోజున, మిగిలినది తాళములు అప్పగించిన రోజున చెల్లించబడును. మా కుమారుని రాక వాయిదా పడిన యెడల, అద్దెదారు కోరినచో, అదే అద్దెపై అతని రాక వరకు ఇంటిలో కొనసాగవచ్చును.’

ఆ చివరి వాక్యం చాలామందికి తట్టదు. బదిలీలు రద్దవుతాయి, వీసాలు పొడిగింపబడతాయి, కోడలి ఉద్యోగం అక్కడే నిలిచిపోతుంది. అప్పుడు ఖాళీ ఇల్లు యజమానికీ నష్టమే, అనవసరంగా ఇల్లు మారిన అద్దెదారుకూ నష్టమే. కొత్త ఇంటికి బయానా ఇవ్వక ముందు అటువంటి మార్పు తెలిస్తే ఆ వాక్యం ఇద్దరినీ కాపాడుతుంది. బయానా ఇచ్చిన తర్వాత తెలిస్తే, ఆ బయానా నష్టాన్ని ఎవరు భరించాలన్నది కూడా ముందే రాసుకోవడం మేలు.

అప్పగింత రోజున మీటర్ రీడింగ్‌ను ఇద్దరి ముందూ ఫొటో తీయాలి, తాళాల సంఖ్య రాసుకోవాలి, మిగిలిన మొత్తం ఖాతాకు జమ అయిన తర్వాతే స్వాధీనపు కాగితంపై సంతకాలు జరగాలి. గ్యాస్ కనెక్షన్, ఆధార్ చిరునామా, బ్యాంకు ఉత్తరాలు కొత్త ఇంటికి మారేదాకా పాత చిరునామాకు వచ్చేవాటిని దాచి ఉంచమని వాచ్‌మన్‌కు చెప్పి రావడం మంచిది.

ఖాళీ చేసిన రెండు నెలలకు అదే బాల్కనీకి ‘టు లెట్’ బోర్డు వేలాడుతూ కనిపిస్తే ఏం చేయవచ్చన్నది తరచుగా వచ్చే ప్రశ్న. నెలవారీ అద్దె కింద సరైన నోటీసుతో ముగిసిన సంబంధంలో, కారణం అబద్ధమని తేలినా ఇల్లు తిరిగి ఇప్పించమని అడిగే ఆధారం సాధారణంగా ఉండదు. ఆ భరోసా కావాలనుకున్నవారు దాన్ని పైన చెప్పిన కాగితంలోనే పెట్టుకోవాలి: ఆరు నెలలలోపు కుటుంబేతరులకు అద్దెకిస్తే తరలింపు ఖర్చు, బ్రోకర్ కమీషన్ తిరిగి చెల్లిస్తామని ఒక వాక్యం. నిజంగా కొడుకు కుటుంబాన్ని దింపబోతున్న యజమానికి ఆ వాక్యం కింద సంతకం పెట్టడం వల్ల పోయేదేమీ లేదు. పెట్టనని పట్టుబట్టే యజమానితో గడువు, పెయింటింగ్ మినహాయింపు, అడ్వాన్సు విడతల విషయంలో అద్దెదారు మరికొంత గట్టిగా బేరమాడడానికి అది తగిన కారణం.